లింకు తెరిచి ఉందని తెలుసు, ఎవరు వాడుకున్నారో తెలియదు

ప్రశ్న: విజయవాడలో ద్విచక్ర వాహనాల షోరూములో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. బిల్లింగు, కస్టమర్ల ఫైళ్లు నావే. గుంటూరు బ్రాంచితో కలిపి మొత్తం 22 మందిమి. పోయిన నెల ఒక కస్టమరు వచ్చి గట్టిగా నిలదీశారు. బండి కొన్న వారం పది రోజుల నుంచి ఎవరెవరో ఫోన్ చేస్తున్నారట. బండి నంబరు, ఫైనాన్సు ఎంత తీసుకున్నదీ చెప్పి మరీ ఇన్సూరెన్సు, లోను అంటున్నారట. తర్వాత చూస్తే మేమందరం వాడే గూగుల్ షీటు లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా ఉంది. అందులో ఫోన్లు, ఆధార్, పాన్ నంబర్లు, నెల వాయిదా అన్నీ ఉన్నాయి. అలా పెట్టింది మా సీనియర్ క్యాషియరు గారు. నాకు పని నేర్పింది ఆయనే. ఇన్సూరెన్సు ఏజెంటుకు లింకు పంపింది కూడా ఆయనే. యజమాని గారు నన్ను పిలిచి, 'డేటా గోప్యత మీద అందరికీ ఒక గంట క్లాసు తీసుకో, చివర సంతకాలు పెట్టించు, తప్పు ఎవరిదో అందరి ముందూ చెప్పు, మిగతావాళ్లకు బుద్ధి వస్తుంది' అన్నారు. నేను బీకాం చదివాను, కంప్యూటర్ నిపుణురాలిని కాను. ఆయన పేరు చెప్పడానికి నోరు రావడం లేదు. చెప్పకపోతే యజమాని మాట కాదన్నట్టు అవుతుంది. ఈ క్లాసు ఎలా తయారుచేసుకోవాలి?

సమాధానం: ముందు ఒక ముడి విప్పుకుందాం. లింకు తెరిచి ఉండటం ఒక విషయం, ఆ కస్టమరు వివరాలు బయటికి పోవడం ఇంకో విషయం. మొదటిది మీరు కళ్లారా చూశారు. రెండోది ఆ లింకు నుంచే జరిగిందనడానికి మీ దగ్గర ఆధారం లేదు, బహుశా ఎప్పటికీ దొరకదు కూడా. గూగుల్ షీటులో మార్పుల చరిత్ర ఉంటుంది. ఏ గడిలో ఏ అంకె ఎప్పుడు మారిందో అది చూపిస్తుంది. కానీ లింకు పట్టుకుని లోపలికి వచ్చి, ఏమీ మార్చకుండా చదువుకుని వెళ్లినవారి పేర్లు అందులో ఉండవు. షీటు తెరిచినప్పుడు పైన కుడి మూలన అప్పుడప్పుడు తోడేలు బొమ్మో, మరో జంతువు బొమ్మో కనిపించడం మీరు చూసే ఉంటారు. పేరుపేరునా అనుమతి లేకుండా లింకుతో వచ్చినవారిని గూగుల్ అలా చూపిస్తుంది. అది మీ గుంటూరు బ్రాంచి అబ్బాయి కావచ్చు, ఊరూ పేరూ తెలియని మనిషీ కావచ్చు.

పైగా అదే సమాచారం బయటికి పోవడానికి మీ షోరూములో ఇంకా దారులున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. కాబట్టి 'తప్పు చేసింది ఫలానా వారు' అని మీరు అందరి ముందూ అంటే, నిరూపించలేని మాట అన్నట్టు అవుతుంది. యజమాని గారికి మీరు చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే. ఇది ఆయన మాట కాదనడం కాదు. ఆయన రేపు ఇబ్బందిలో పడకుండా చూడటం.

రెండో సంగతి, క్లాసు కంటే ముందు లింకు మూయాలి. ఇంతకాలం తెరిచి ఉంది కదా, ఇంకో వారం ఫరవాలేదు అనుకోవద్దు. అయితే ఆదరాబాదరాగా మూస్తే మరుసటి రోజు పది గంటలకు కౌంటర్లో ఉన్నవారికి షీటు తెరుచుకోదు. డెలివరీలు ఆగిపోతాయి, సాయంత్రానికి ఎవరో ఒకరు మళ్లీ పాత పద్ధతికే తెచ్చేస్తారు. అందుకని ఒక వరుసలో చేయండి. మొదట Share నొక్కితే వచ్చే పెట్టె మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి దాచండి. అప్పటిదాకా ఎవరెవరికి ఏ అనుమతి ఉందో తర్వాత చూపడానికి అది పనికొస్తుంది. తర్వాత నిజంగా షీటుతో పని ఉన్నవారి మెయిల్ చిరునామాలను పేరుపేరునా చేర్చండి. రోజూ నమోదు చేసేవారికి Editor, చూసుకుంటే సరిపోయేవారికి Viewer ఇవ్వండి. మానేసి వెళ్లినవారి పేర్లు కనిపిస్తే తీసేయండి, అవి తప్పకుండా కనిపిస్తాయి. ఆ తర్వాతే Anyone with the link అని ఉన్నదాన్ని Restricted చేయండి. షీటు ఎవరి సొంత జీమెయిల్‌లో తయారైందో కూడా చూడండి. క్యాషియరు గారి సొంత ఖాతాలో ఉంటే, దాన్ని షోరూము పేరున ఉన్న జీమెయిల్ ఖాతాకు బదిలీ చేయించండి. రేపు ఆయన ఉద్యోగం మానినా, ఆయన ఖాతా పోయినా షీటు మీ చేయి దాటిపోకూడదు.

ఇంత చేసినా, ఇప్పటికే ఎవరైనా దించుకున్న ప్రతిని వెనక్కి తీసుకురాలేరు. ఇది క్లాసులో దాచకుండా చెప్పాల్సిన మాట.

ఇక క్యాషియరు గారి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది యజమాని గారు చెప్పినట్టు పేరు చెప్పడం. అలా చేస్తే ఆ గంటా అందరూ నిశ్శబ్దంగా వింటారు. కానీ వారు నేర్చుకునేది గోప్యత గురించి కాదు, పట్టుబడితే ఏమవుతుందో నేర్చుకుంటారు. దీనికి నేనే సాక్ష్యం. చాలా ఏళ్ల క్రితం గుంటూరులో ఒక సంస్థ లెక్కల విభాగంలో ఉన్నప్పుడు, ఒక డీలరుకు ఆయన బకాయిల జాబితా పంపాను. ఎక్సెల్‌లో ఆయన పేరు మీద ఫిల్టరు పెట్టాను. తెర మీద ఆరు వరుసలే కనిపించాయి. సేవ్ చేసి మెయిల్ చేశాను. ఫిల్టరు వరుసలను కనిపించకుండా చేస్తుందే తప్ప తీసేయదు. మిగతా డీలర్లందరి బకాయిలూ, వారికిచ్చే రాయితీలూ అందులోనే వెళ్లాయి. మర్నాడు ఆ డీలరు ఫోన్ చేసి, పక్క ఊరి డీలరుకు అంత రాయితీ ఎందుకిచ్చారని అడిగేదాకా నాకు తెలియలేదు. మా మేనేజరు ఆ మెయిల్‌ను మీటింగులో నా ఎదుటే చదివి వినిపించారు. ఆ తర్వాత మా విభాగంలో ఎవరూ తమ పొరపాటు చెప్పలేదు. ఒక సహోద్యోగి తప్పు ఫైలు పంపి, మూడు వారాలు లోపలే కుమిలిపోయారు. మొదటి గంటలో చెప్పి ఉంటే అవతలి వారిని బతిమాలి తెరవకుండానే తీసేయించగలిగేవాళ్లం. మూడు వారాల తర్వాత చేయడానికి ఏమీ మిగలలేదు.

రెండో దారి, యజమాని గారికి మాత్రమే చెప్పి, క్లాసులో ఏ పేరూ ఎత్తకపోవడం. ఇది మర్యాదగానే ఉంటుంది. కానీ 22 మంది పనిచేసే చోట ఏ విషయమూ దాగదు. లింకు ఎవరు పెట్టారో సగం మందికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. మీరు పేరు ఎత్తకపోయినా అందరి చూపులూ ఆయన వైపే తిరుగుతాయి. ఆయన ఆ గంటసేపూ తల వంచుకుని కూర్చుంటారు, మీ మీద కోపం పెంచుకుంటారు.

మూడోది, క్లాసుకు ముందే ఆయనతో విడిగా మాట్లాడి, ఆ లింకు కథను ఆయన నోటితోనే చెప్పించడం. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా, చెప్పేటప్పుడు తనను తాను సమర్థించుకునే ధోరణిలోకి వెళ్లవచ్చు, అప్పుడు మీరు మెల్లగా దారిలోకి తేవాలి. అయినా నాకు ఈ దారే నచ్చుతుంది. లింకు అలా ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలిసినవారు ఆయనొక్కరే. ఊరికే ఎవరూ అలా పెట్టరు. బహుశా గుంటూరు బ్రాంచిలో కొత్తగా చేరిన ఎవరికో షీటు తెరుచుకోక, కస్టమరు ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ తొందరలో అలా మార్చి ఉంటారు. ఆ అవసరం ఈరోజుకీ మీ షోరూములో ఉంది. దానికి వేరే దారి చూపించకపోతే మీరు మూసిన లింకు నెల తిరిగేలోపు మళ్లీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు క్లాసు తయారీకి వస్తాను. బయటి నుంచి ఒక న్యాయవాదినో శిక్షకుణ్ణో పిలిపించే అవకాశమూ ఉంది. వారు చట్టం బాగా చెబుతారు, యజమాని గారికీ సంతృప్తిగా ఉంటుంది. కానీ మీ కౌంటర్లో కాగితం ఏ చేతి నుంచి ఏ చేతికి వెళుతుందో వారికి తెలియదు. మీకు తెలుసు. కంప్యూటర్ నిపుణురాలిని కానన్నారు. ఈ క్లాసుకు కావలసిన నైపుణ్యం కంప్యూటర్‌ది కాదు, ఏడేళ్లుగా ఆ ఫైళ్లు పట్టుకున్న చేతులది. చట్టం గురించి పది నిమిషాలు చాలు, దాన్ని కూడా చివర్లో పెట్టండి.

మొదట ఒక కస్టమరు ఫైలు ప్రయాణాన్ని మీరే స్వయంగా వెంబడించండి. ఒక పూట కేటాయించండి. తాడేపల్లి నుంచి ఒకరు వచ్చి ఫైనాన్సు మీద స్కూటరు తీసుకున్నారనుకుందాం. ఆధార్, పాన్, ఫొటో, బ్యాంకు చెక్కులు, జీతం చీటీ ఇచ్చారు. సేల్స్ కుర్రాడు వాటిని తన సొంత ఫోనులో ఫొటో తీశాడు. ఫైనాన్సు కంపెనీ ప్రతినిధులు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో 14 మంది ఉన్నారనుకోండి. పెట్టిన ఆధార్ ఫొటో ఆ క్షణంలోనే 14 ఫోన్లకు చేరింది. ఎవరెవరి ఫోనులో వాట్సాప్ చిత్రాలు గ్యాలరీలోకి వాటంతటవే దిగుతాయో, అక్కడి నుంచి వారి గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కుతాయో ఎవరికీ తెలియదు. తర్వాత జిరాక్సు తీశారు. ఒక కాపీ సరిగ్గా రాలేదని పక్కన పడేశారు, ఆ కాగితం వెనక వైపు మర్నాడు ఎవరో కొటేషన్ లెక్కలు వేసి ఇంకో కస్టమరు చేతికి ఇచ్చారు. షీటులో వివరాలు నమోదయ్యాయి. రిజిస్ట్రేషను పనికి ఒక సెట్టు, ఇన్సూరెన్సుకు ఒక సెట్టు వెళ్లాయి. బండి ఇచ్చేటప్పుడు దండ వేసి తీసిన ఫొటోలో నంబరు ప్లేటు, పక్కనే మనిషి ముఖం, అది షోరూము పేజీలోకి.

మీ షోరూములో ఇది కొంచెం వేరుగా ఉంటుంది. అందుకే ఊహించి రాసుకోకుండా, నిజంగా ఒక ఫైలు వెంట నడిచి ఎక్కడ ఎన్ని ప్రతులు పుట్టాయో వరుసగా లెక్కవేయండి. ఆ లెక్కే మీ క్లాసుకు వెన్నెముక. మీరు అంకె చెప్పకండి. ముందు గదిలోని వారిని అడగండి, 'ఒక ఆధార్ కాపీ మన దగ్గర ఎన్ని చోట్ల ఉంటుంది?' అని. మూడు, నాలుగు అంటారు. అప్పుడు మీరూ వారూ కలిసి బోర్డు మీద ఒక్కొక్కటే రాయండి. 20 దాటాక ఎవరూ మిమ్మల్ని 'మాకెందుకు ఇదంతా' అని అడగరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ క్లాసులో నిజమైన కస్టమరు కాగితం ఒక్కటి కూడా చూపించకండి. అసలు షీటు స్క్రీన్‌షాట్‌ను తెర మీద వేసి గోప్యత గురించి చెబితే, మీరే ఇంకో లీకు చేసినట్టు. వెనక కూర్చున్న ఎవరైనా దాన్ని ఫొటో తీయవచ్చు. లేని మనిషి పేరుతో ఒక నమూనా ఫైలు, పది వరుసల నమూనా షీటు తయారుచేసుకోండి. ఆధార్ నంబరు ఎప్పుడూ 0తో గానీ 1తో గానీ మొదలవదు. కాబట్టి నమూనాలో 1తో మొదలయ్యే 12 అంకెలు వేస్తే, అది పొరపాటున కూడా ఎవరి నంబరూ కాదు. ఫోను నంబరుకూ అలాగే 1తో మొదలుపెట్టండి.

ఆ నమూనా షీటుతో ఒక ప్రయోగం చేయండి. క్లాసు మొత్తంలో గుర్తుండిపోయేది ఇదే అవుతుంది. షీటును లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా పెట్టండి. బ్రౌజరులో అజ్ఞాత కిటికీ, అంటే Incognito తెరవండి. అందులో ఎవరి ఖాతాతోనూ లాగిన్ అయి ఉండరు. అంటే ఆ కిటికీ ముందున్నది ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి అన్నమాట. లింకు అతికించి ఎంటర్ నొక్కండి. షీటు మొత్తం, ఆధార్ నంబర్ల నిలువు వరుసతో సహా తెరుచుకుంటుంది. రెండు క్షణాలు ఏమీ మాట్లాడకండి. తర్వాత లింకును Restricted చేసి, అజ్ఞాత కిటికీని మూసి మళ్లీ తెరిచి అదే లింకు అతికించండి. ఈసారి లాగిన్ అవమని అడుగుతుంది. ఏ షీటు భద్రంగా ఉందో, ఏది లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. కంప్యూటర్ అంటే భయపడే వారు కూడా దీన్ని చేయగలరు. ఇద్దరు ముగ్గురిని పిలిచి వారి చేత్తో చేయించండి.

ఆ వెంటనే తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. 'మరి ఇన్సూరెన్సు ఏజెంటుకు ఎలా ఇవ్వాలి? ఆధార్ ఉన్న నిలువు వరుసను హైడ్ చేసి ఇద్దామా?' వద్దు. హైడ్ చేసిన నిలువు వరుస అక్కడే ఉంటుంది. చూసే అనుమతి మాత్రమే ఉన్నవారు కూడా షీటుకు సొంత నకలు తీసుకుంటే, ఆ నకలులో దాన్ని బయటికి తేగలరు. నా ఫిల్టరు కథా ఇదే. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖకు జరిగిందీ ఇదే. ఎవరో సమాచార హక్కు కింద సిబ్బంది సంఖ్య అడిగితే, వారు జవాబుగా ఒక ఎక్సెల్ ఫైలు ఇచ్చారు. అందులో కనిపించకుండా ఉండిపోయిన ఒక పేజీలో 9,483 మంది పోలీసుల, ఇతర సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు ఉన్నాయి. అది ఇంటర్నెట్లోకి వెళ్లింది. పోలీసు అని తెలిస్తే ప్రాణాపాయం ఉన్న ప్రాంతం అది. అక్కడి సమాచార కమిషనరు కార్యాలయం మరుసటి ఏడాది 7,50,000 పౌండ్ల జరిమానా వేసింది. ఎవరూ హ్యాక్ చేయలేదు. ఒక పేజీ కంటికి కనిపించలేదు, అంతే.

కాబట్టి ఏజెంటుకు వేరే ఫైలు. ఆయన పనికి ఏమేం కావాలో ఆయన్నే అడిగి రాసుకోండి. పేరు, బండి వివరాలు, పాలసీ గడువు తేదీ, ఇలా నాలుగైదు నిలువు వరుసలు దాటవు. నెల వాయిదా ఎంతో, పాన్ నంబరు ఏదో ఆయనకు అక్కరలేదు. ఆ నిలువు వరుసలను మాత్రమే కొత్త ఖాళీ షీటులోకి తెచ్చి, ఆయన మెయిల్ చిరునామాకు మాత్రమే అనుమతి ఇవ్వండి. దీనివల్ల మీకు వారానికోసారి కొంత అదనపు పని పడుతుంది. ఆ మాట యజమాని గారికి ముందే చెప్పండి. 'ఇది ఎవరి పని, ఏ రోజు చేస్తారు' అన్నది తేలకుండా క్లాసులో ప్రకటిస్తే, రెండు వారాలు జరిగి ఆగిపోతుంది.

వాట్సాప్ గ్రూపు సంగతి ఇంతకంటే కష్టం, ఎందుకంటే అది అందరికీ సౌకర్యం. పూర్తిగా మానేయమంటే గ్రూపు పేరు మార్చి మళ్లీ పెట్టుకుంటారు. నేనైతే రెండు ప్రతిపాదనలు పెడతాను. ఒకటి, కాగితాలను గ్రూపులో కాకుండా, ఆ కేసు చూసే ఒక్క ప్రతినిధికే పంపడం. ఆ కంపెనీకి పత్రాలు ఎక్కించే సొంత యాప్ ఉంటే అందులోనే నేరుగా ఎక్కించడం. రెండోది, గ్రూపులో ఉన్నవారి పేర్లను ఇప్పుడే, క్లాసులోనే, గట్టిగా చదవడం. ఉద్యోగం మారి వేరే షోరూములో చేరిన వారు ఇంకా మీ గ్రూపులో ఉండే అవకాశం చాలా ఎక్కువ. అది బయటపడినప్పుడు ఎవరూ మీ మాటకు ఎదురు చెప్పరు. ఒకసారి పెట్టిన ఫొటోను అందరి దగ్గరా తీసేసే వీలు వాట్సాప్‌లో రెండున్నర రోజుల దాకానే ఉంటుంది. ఈలోపు ఎవరి గ్యాలరీలోకి దిగినా అది పోదు. పాత ఫొటోలు సొంత ఫోన్ల నుంచి తీసేయడానికి క్లాసులోనే ఐదు నిమిషాలు ఇవ్వండి. ఇంటికి వెళ్లి చేయమంటే చేయరు.

ఇక ఆ పది నిమిషాల చట్టం. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ఉండే ప్రధాన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమలులోకి వస్తాయి. సరైన రక్షణ చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని అందులో ఉంది. యజమాని గారు ఈ అంకె గట్టిగా చెప్పమంటారు. చెప్పండి, కానీ పూర్తిగా చెప్పండి. అది గరిష్ఠ పరిమితి. అది సంస్థకు వేసేది, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి కాదు. ఎంత వేయాలన్నది తప్పు తీవ్రతను, దాన్ని సరిదిద్దడానికి సంస్థ ఎంత త్వరగా కదిలిందన్నదాన్ని కూడా చూసి నిర్ణయిస్తారు. సగం చెప్పి భయపెడితే, పొరపాటు చేసినవారు ఇంకా లోతుగా దాచేస్తారు. ఆ నిబంధనల ప్రకారం సమాచారం బయటికి పోయిందని తెలిసిన వెంటనే సంబంధిత వ్యక్తులకు చెప్పాలి, ఆ చట్టం కింద ఏర్పడే డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. దాచిన ప్రతి గంటా ఆ గడువులోంచే పోతుంది. ఇది కాక కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాలు ఇప్పటికే అమలులో ఉన్నాయి. డేటా లీకు లాంటివి గమనించిన 6 గంటల్లో వారికి తెలియజేయాలన్నది వాటిలో ఉంది. మీ షోరూములో జరిగింది దాని కిందికి వస్తుందా, ఇప్పుడు ఏం చేయాలి అన్నది యజమాని గారు న్యాయవాదిని ఇవాళే అడగాలి. అది మీ క్లాసు పని కాదు, మీ నెత్తిన వేసుకోకండి.

చట్టంలోనే ఉన్న ఒక ఉదాహరణ మీ వాళ్లకు బాగా అర్థమవుతుంది. ఫోనులో డాక్టరును సంప్రదించే ఒక యాప్ వైద్యం కోసం సమాచారం అడుగుతూ, పనిలో పనిగా ఫోనులోని కాంటాక్టుల జాబితాకు కూడా అనుమతి తీసుకుంది. ఆ మనిషి రెండింటికీ సరేనన్నా, వైద్యానికి కాంటాక్టులతో పని లేదు కాబట్టి ఆ అనుమతి వైద్యం వరకే చెల్లుతుందని చట్టం అంటుంది. దీన్ని మీ కౌంటర్లోకి తెచ్చుకోండి. స్కూటరు ఫైనాన్సు కోసం ఇచ్చిన జీతం చీటీ, ఇంకెవరో పర్సనల్ లోను అమ్ముకోవడానికి ఇచ్చినది కాదు. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే నోటీసును కస్టమరు కోరుకుంటే తెలుగులోనూ చదువుకునే వీలుండాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఒక పేజీ తెలుగు నోటీసు ఇప్పటి నుంచే రాయడం మొదలుపెట్టండి. మీ భాష బాగుంది, ఆ పని మీరే చేయవచ్చు.

సమయం సంగతి కొంచెం ఆలోచించండి. 22 మందినీ ఒకేసారి కూర్చోబెడితే రెండు షోరూములూ ఖాళీ అవుతాయి, అందరి చెవులూ బయటి మీదే ఉంటాయి. రెండు జట్లు చేసి, రెండు మంగళవారాలు పొద్దున్నే పెట్టండి. ఆ రోజు బండి ఇంటికి తీసుకెళ్లేవారు తక్కువ. గుంటూరు వాళ్లకు గుంటూరులోనే చెప్పండి. వారి జిరాక్సు మిషను, వారి బీరువా ఎదురుగా ఉంటే మాటకు బలం వస్తుంది.

సంతకాలు తీసుకోండి, యజమాని గారికి ఆ రికార్డు అవసరం. కానీ సంతకం ఆ రోజు అక్కడ కూర్చున్నారని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. ఏం మారిందో తెలియాలంటే నెల తర్వాత మీరే మూడు చోట్ల చూడండి. షోరూములో తిరిగే షీట్ల లింకులన్నీ అజ్ఞాత కిటికీలో పెట్టి చూడండి. జిరాక్సు మిషను పక్కన చెత్తబుట్టలో చేయి పెట్టి, నాలుగు కాగితాలు తీసి చూడండి. ఇక మూడోది, ఈ నెలలో తమ పొరపాటు తామే వచ్చి చెప్పినవారు ఎంతమంది? ఒక్కరూ రాలేదంటే పొరపాట్లు జరగలేదని కాదు. ఇద్దరు ముగ్గురు వచ్చి 'తప్పు ఫైలు పంపాను' అన్నారంటే మీ క్లాసు పనిచేసినట్టే. వారు ఎవరికి చెప్పాలో, ఆ మనిషి పేరు, ఫోను నంబరు క్లాసులోనే బోర్డు మీద రాయండి. ఆ మనిషి మీరే అయితే మంచిది, కానీ చెప్పినవారి మీద చర్య ఉండదని యజమాని గారు ముందుగా మాట ఇవ్వాలి. ఆ మాట ఆయనే వచ్చి, క్లాసు మొదటి రెండు నిమిషాల్లో అందరి ముందూ అనేలా అడగండి. పేరు చెప్పమని ఆయన పట్టుబట్టకుండా ఉండటానికి ఇది ఒక మార్గం కూడా. అందరి ముందూ గట్టిగా ఉండాలన్నది ఆయన కోరిక. ఆ గట్టితనాన్ని ఆయన ఒక మనిషి మీద కాక ఈ నియమం మీద చూపించవచ్చు.

ఆ కస్టమరుకు కూడా ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. 'మీ వివరాలున్న మా ఫైలు కొంతకాలం సరైన రక్షణ లేకుండా ఉంది, అక్కడి నుంచే పోయిందో లేదో మాకు తెలియదు, ఇప్పుడు మూశాం, ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఇవ్వకండి' అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎవరు, ఏ మాటలతో చెప్పాలన్నది యజమాని గారూ న్యాయవాదీ కలిసి నిర్ణయించనివ్వండి. కానీ అది క్లాసు రోజుకు ముందే జరిగిపోవాలి. కస్టమరుకు నిజం చెప్పని షోరూములో మీరు సిబ్బందిని నిజం చెప్పమని అడగలేరు.

క్యాషియరు గారి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలని ఆలోచిస్తూ ఉంటారు. లెక్క కట్టి గల్లా మూసే వేళ మంచిది, అప్పుడు ఆయన ఒక్కరే ఉంటారు. ఆ స్క్రీన్‌షాట్ తీసుకెళ్లకండి, అది నేరం మోపినట్టు ఉంటుంది. షీటు తెరిచి పక్కన కూర్చుని, 'అప్పట్లో దీన్ని అందరికీ తెరిచి పెట్టాల్సి వచ్చింది కదండీ, ఏ ఇబ్బంది వచ్చి అలా చేశారు?' అని అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. మొదటి మంగళవారం మీరు గదిలోకి తీసుకెళ్లాల్సిన తొలి కాగితం అది. దాన్ని చదివేది ఆయనా, మీరా అన్నది ఆయన్నే నిర్ణయించుకోనివ్వండి.